గోల్‌కీపింగ్ మొదటి పాఠాలు: పిల్లలూ తల్లిదండ్రులూ తరచుగా అడిగే ప్రశ్నలు

పది నుంచి పద్నాలుగేళ్ల వయసులో ఫుట్‌బాల్‌లో కొత్తగా గోల్‌లో నిలబడుతున్న పిల్లల కోసం, వారిని మైదానానికి తీసుకువచ్చే పెద్దల కోసం ఈ ప్రశ్నలు, జవాబులు. ఇందులో డైవ్ గురించి దాదాపు ఏమీ లేదు, కావాలనే వదిలేశాను. ఈ వయసు పిల్లలకు డైవ్ మీద ఎంత మోజు ఉంటుందో, కాళ్లు ఎక్కడ ఉంచాలన్న దాని మీద అంత నిర్లక్ష్యం ఉంటుంది. వాళ్లు వదిలేసే గోల్స్‌లో చాలా భాగం చేతుల వల్ల కాదు, పాదాల వల్లే పోతాయి. అందుకే నిలబడే తీరు, ఎత్తైన బంతులు, గోల్ ముందు చోటు ఎంచుకోవడం అనే మూడు విషయాల దగ్గరే ఆగుతున్నాను.

షాట్ వచ్చే ముందు ఎలా నిలబడాలి?

పాదాలు భుజాల వెడల్పులో ఉండాలి, మహా అయితే ఇంకొంచెం ఎక్కువ. మోకాళ్లు కొద్దిగా వంచి, బరువంతా పాదాల ముందు భాగం మీద వేయాలి. మడమలు నేలకు తగిలీ తగలనట్టు ఉంటాయి. నడుము దగ్గర కొంచెం ముందుకు వంగితే తల కాలివేళ్లకు సూటిగా పైన ఉంటుంది. ఛాతీ బంతికి ఎదురుగా ఉండాలి.

మన పిల్లల్లో చాలామంది క్రికెట్ నుంచి వస్తారు కాబట్టి వికెట్‌కీపర్‌లా బాగా కిందికి కూర్చుంటారు. వికెట్ల వెనక అది సరైనదే, అక్కడ బంతి ఎక్కువగా మోకాలికీ నడుముకూ మధ్య ఎత్తులో వస్తుంది. ఇక్కడ కాపాడాల్సిన గోల్ 7.32 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల ఎత్తు. తొడలు నేలకు సమాంతరంగా వచ్చేంత కిందికి కూర్చుంటే పక్కకు అడుగు వేయాలన్నా, పైకి ఎగరాలన్నా ముందు లేవాలి. షాట్ వచ్చాక లేచే సమయం ఉండదు.

పాదాలు మరీ ఎడంగా పెట్టడం ఇంకో తప్పు. చూడటానికి గంభీరంగా ఉంటుంది కానీ అలా నిలబడ్డవాడు పక్కకు వెళ్లాలంటే ముందు ఒక కాలిని లోపలికి లాక్కోవాలి. పైగా బంతి కాళ్ల మధ్య నుంచి పోతుంది.

చేతులు ఎక్కడ పెట్టుకోవాలి?

నడుము ఎత్తులో, శరీరానికి కొంచెం ముందు, అరచేతులు బంతి వైపు చూసేలా పెట్టుకోవాలి. మోచేతులు పక్కటెముకలకు అంటుకోకూడదు. షాట్ చాలా దగ్గర నుంచి వస్తుందనుకుంటే చేతులు ఇంకొంచెం కిందికి దించి, పక్కలకు తెరవాలి. దగ్గర నుంచి కొట్టిన బంతి ఎక్కువగా కిందుగానే వస్తుంది, పైగా చేతిని పై నుంచి కిందికి దించే వ్యవధి దొరకదు. మోకాళ్ల మీద చేతులు ఆనించుకుని నిలబడటం అలసట తీర్చుకోవడానికి బాగుంటుంది, అంతే. బంతి మన గోల్ ముందున్న పెనాల్టీ బాక్సు దరిదాపుల్లో ఉన్నప్పుడు అది పనికిరాదు.

మా అమ్మాయి సరిగ్గానే నిలబడుతుంది, అయినా తేలికైన షాట్లు వదిలేస్తుంది. ఎందుకు?

బంతిని కాదు, ఆమె పాదాలను చూడండి. ప్రత్యర్థి కాలు బంతికి తగిలిన క్షణంలో ఆమె పాదాలు కదులుతున్నాయా, ఆగి ఉన్నాయా? తొంభై శాతం తేడా అక్కడే ఉంటుందని చెప్పాలనిపిస్తుంది, కానీ లెక్క వేసిన వాళ్లెవరూ లేరు కాబట్టి చాలా తేడా అక్కడే ఉంటుందని అంటాను.

ఎడమ పక్కకు నడుస్తూ ఉండగా బంతి కుడి పక్కకు వచ్చిందనుకోండి. శరీరం బరువు ఎడమ కాలి మీదికి పోతూ ఉంటుంది. ఆ బరువును ఆపి, వెనక్కి తిప్పి, అప్పుడు కుడికి వెళ్లాలి. ఈలోపు బంతి గోల్‌లో ఉంటుంది. కాబట్టి నియమం ఇది: బంతితో పాటు చిన్న చిన్న అడుగులతో కదులుతూ ఉండాలి, ఎదుటివాడు కొట్టడానికి కాలు వెనక్కి తీయగానే ఎక్కడ ఉన్నామో అక్కడే ఆగిపోవాలి. అనుకున్న చోటుకు ఇంకో అడుగు మిగిలి ఉన్నా సరే ఆగాలి. తప్పు చోట ఆగి ఉన్న కీపర్, సరైన చోటు వైపు పరిగెడుతున్న కీపర్ కంటే ఎక్కువ బంతులు ఆపుతుంది.

దీన్ని పట్టుకోవడానికి ఫోను చాలు. గోల్ వెనక నుంచి వీడియో తీసి, కాలు బంతికి తగిలే క్షణం దగ్గర ఆపి చూడండి. రెండు పాదాలూ నేల మీద ఉండి, తల నిలకడగా ఉంటే ఆమె సిద్ధంగా ఉన్నట్టే. పిల్లలకు ఆ ఒక్క బొమ్మ చూపిస్తే నేను మైదానంలో అరిచి చెప్పే దానికంటే త్వరగా అర్థమవుతుంది.

టీవీలో కీపర్లు షాట్‌కు ముందు చిన్నగా ఎగురుతారు కదా, అది నేర్పాలా?

ప్రత్యేకంగా నేర్పక్కర్లేదు. అది ఎగరడం కాదు, పాదాలను నేల మీద మళ్లీ సర్దుకోవడం. కాలివేళ్ల కింద కాగితం దూరేంత ఎత్తు చాలు, బంతి కాలికి తగిలే వేళకు పాదాలు తిరిగి నేలను తాకాలి. పిల్లలు దాన్ని అనుకరిస్తూ బాగా పైకి ఎగురుతారు, షాట్ వచ్చేసరికి గాలిలో ఉంటారు. గాలిలో ఉన్నవాడు ఏ పక్కకూ నెట్టుకోలేడు. ఈ అలవాటు కనిపిస్తే కొన్నాళ్లు పూర్తిగా మానిపించడమే మేలు.

ఎత్తుగా వచ్చే బంతులు చేతుల్లోకి వచ్చి జారిపోతున్నాయి. ఎలా పట్టుకోవాలి?

ఇక్కడా క్రికెట్ అలవాటే అడ్డం వస్తుంది. బౌండరీ దగ్గర ఎత్తైన క్యాచ్ పట్టేవాడు బంతి కిందికి చేరి, అది దిగివచ్చే దాకా ఎదురుచూసి, కళ్ల ఎత్తులోనో ఛాతీ దగ్గరో పట్టుకుంటాడు. అక్కడ అతనితో పోటీ పడేవాడు ఎవడూ లేడు. ఫుట్‌బాల్‌లో అదే బంతి కోసం ఇద్దరు ముగ్గురు తల పైకెత్తి ఎగురుతూ ఉంటారు. కీపర్‌కు ఉన్న ఒకే ఒక మేలు చేతులు. చేతులు పైకి చాపితే ఎవరి తలకంటే అయినా ఎత్తులో బంతిని అందుకోవచ్చు. ఛాతీ దాకా దిగనిస్తే ఆ మేలును తానే వదులుకున్నట్టు. కాబట్టి బంతి కింద నిలబడి ఎదురుచూడకూడదు, అది దిగివచ్చే దారిలోకి పరిగెత్తి, వీలైనంత ఎత్తులో దాన్ని కలవాలి.

చేతుల అమరిక ఇలా ఉండాలి. రెండు అరచేతులూ ముందుకు చూడాలి, వేళ్లు విప్పి ఉండాలి, బొటనవేళ్లు ఒకదానికొకటి దాదాపు తగలాలి. బొటనవేళ్లూ చూపుడువేళ్లూ కలిపి చూస్తే ఇంగ్లీషు డబ్ల్యు అక్షరంలా కనిపిస్తుంది. చేతుల్లో ఎక్కువ భాగం బంతి వెనక ఉంటుంది, పక్కల కాదు. పక్కల నుంచి చప్పట్లు కొట్టినట్టు పట్టుకోబోతే బంతి మధ్యలోంచి దూసుకుపోతుంది.

చేతులు తలకు సూటిగా పైన కాక, నుదుటికి కొంచెం ముందు ఉండాలి. పట్టుకున్న క్షణంలో తన చేతులు తనకు కనిపించాలి. మోచేతులు పూర్తిగా బిగుసుకోకుండా కాస్త వంగి ఉంటే బంతి వేగం అక్కడ తగ్గుతుంది. చెవితో కూడా తెలుసుకోవచ్చు. బంతి అరచేతికి తగిలితే ఫట్ మని చప్పుడవుతుంది, వేళ్లతో అందుకుంటే పెద్దగా వినిపించదు. చప్పుడు గట్టిగా వస్తుంటే అవి జారే చేతులే.

పట్టుకోగానే బంతిని ఛాతీకి హత్తుకుని రెండు ముంజేతులూ చుట్టాలి. గాలిలో పట్టిన బంతుల్లో చాలావరకు జారేది నేల మీద దిగేటప్పుడే.

ఎగిరేటప్పుడు ఒక మోకాలు పైకి ఎత్తమంటారు. ఏ మోకాలు?

ఆటగాళ్లు వచ్చే వైపు ఉన్నది. గోల్ నుంచి మైదానం వైపు చూస్తున్న కీపర్‌కు ఎడమ వైపు నుంచి క్రాస్, అంటే మైదానం పక్క నుంచి గోల్ ముందుకు కొట్టిన బంతి, వస్తే, బంతి వైపు తిరిగినప్పుడు మైదానం కుడి చేతి వైపు ఉంటుంది. అప్పుడు ఎడమ కాలితో నేలను తన్ని, కుడి మోకాలు పైకి లేపాలి. కుడి వైపు నుంచి వస్తే దీనికి తిరగేసి చేయాలి.

ఒంటికాలితో ఎగరడం వల్ల పరుగు వేగం ఎత్తుగా మారుతుంది. రెండు కాళ్లతో ఎగరాలంటే పరుగు ఆపాలి. పైకి లేచిన మోకాలు పొట్టను, పక్కటెముకలను కాపాడుతుంది. దాన్ని ఎదుటివాడి మీదికి పొడిచే ఆయుధంగా వాడితే అది ఫౌల్, ప్రమాదం కూడా. మోకాలు తన ఛాతీ వైపు రావాలి, ఎదుటివాడి వైపు కాదు.

చాలామంది పిల్లలకు ఒక కాలి మీద ఎగరడమే వస్తుంది. రెండో కాలి మీద ఎగరడం బంతి లేకుండా, నడుస్తూ, తర్వాత మెల్లగా పరిగెడుతూ సాధన చేయించండి. విసుగ్గా ఉంటుంది, కానీ బంతి ఇచ్చి మొదలుపెడితే బంతినే చూస్తూ పాత కాలి మీదే ఎగురుతారు.

కార్నర్ వచ్చినప్పుడు ఎప్పుడు బయటికి రావాలి, ఎప్పుడు గీత మీదే ఉండాలి?

పిల్లలకు అన్నిటికంటే కష్టమైన ప్రశ్న ఇదే, జవాబు పిల్లను బట్టి మారుతుంది. పదమూడేళ్ల కీపర్‌ను ఊహించుకుని లెక్క వేద్దాం.

పెద్ద మైదానంలో కార్నర్ జెండా నుంచి దగ్గరి గోల్‌పోస్ట్ దాకా దాదాపు 30 మీటర్లు ఉంటుంది. పిల్లలు ఎత్తుగా కొట్టిన బంతి గోల్ ముందుకు చేరడానికి రెండు సెకన్లు పడుతుందనుకుందాం. అది ఎక్కడికి వస్తుందో తెలుసుకోవడానికి మొదటి అర సెకను పోతుంది. మిగిలిన ఒకటిన్నర సెకన్లలో అడుగులు వేయాలి, ఎగరాలి, బంతిని అందుకోవాలి. మధ్యలో ఎవరూ అడ్డం లేకపోతే ఆ వయసు పిల్లవాడు నాలుగు మీటర్ల దాకా వెళ్లగలడు. గుంపు ఉంటే అంతకంటే తక్కువ. అంటే అతని ఏలుబడి 5.5 మీటర్ల గోల్ ఏరియాలో కూడా అన్ని మూలలకూ చేరదు. పెనాల్టీ చుక్క 11 మీటర్ల దూరంలో ఉంది, అక్కడ దిగే బంతి అతనిది కానే కాదు.

దీన్ని మాటలతో చెప్పకుండా నేల మీద చూపించండి. పిల్లవాడిని గోల్ మధ్యలో, గీతకు ఒక మీటరు ముందు నిలబెట్టి, చేతితో ఎత్తుగా బంతులు విసరండి. ఎగిరి రెండు చేతులతో పట్టుకోగలిగిన చోట్లన్నీ ముగ్గుతో గుర్తు పెట్టండి. ఆ గుర్తులను కలిపితే వచ్చేది అతని సొంత గీత. దాని లోపల దిగే బంతికి వెళ్లాలి, బయట దిగే దానికి ఆగి షాట్ కోసం సిద్ధపడాలి. ఏడాదికేడాది ఆ గీత పెరుగుతుంది.

కార్నర్ కొట్టే ముందు గోల్ మధ్యలో, లేదా మధ్యకు ఒక అడుగు దూరపు పోస్ట్ వైపు నిలబడటం మంచిది. దగ్గరి పోస్ట్ దగ్గర నిలబడితే తల మీదుగా వెళ్లిన బంతి కోసం వెనక్కి పోవాలి. ముందుకు పరుగెత్తి పట్టుకోవడం తేలిక, వెనక్కి పోతూ పట్టుకోవడం కష్టం. శరీరం కార్నర్ జెండాకు పూర్తిగా ఎదురుగా కాక, మైదానం వైపు సగం తెరిచి ఉండాలి, లేకపోతే వెనక నుంచి ఎవరు వస్తున్నారో తెలియదు.

ఇక అందరూ చేసే తప్పు తొందర. బంతి గాల్లోకి లేవగానే పరిగెత్తి దాని కిందికి చేరతారు, అది ఇంకా పైనే ఉంటుంది, అక్కడి నుంచి చేతులు వెనక్కి చాపి తడుముకుంటారు. కాస్త ఆలస్యంగా బయల్దేరి, వేగంగా వెళ్లాలి. బయల్దేరాక మాత్రం ఆగకూడదు. సగం దారిలో ఆగిన కీపర్ గోల్‌లోనూ లేడు, బంతి దగ్గరా లేడు.

కేక వేయడం నిజంగా అవసరమా? మా వాడికి సిగ్గు.

అవసరమే. వెళ్లాలని నిర్ణయించుకున్న క్షణంలో “కీపర్!” అని ఒక్కసారి, గట్టిగా అరవాలి. లేకపోతే సొంత జట్టు డిఫెండరే తలతో బంతిని అతని చేతుల్లోంచి తన్నుకుపోతాడు. ఉండిపోవాలనుకుంటే “అవే!” అని అరుస్తారు, అంటే డిఫెండర్లే బంతిని దూరంగా కొట్టేయాలని. “నాది, నాది” అనడం అలవాటు చేయకండి. అది ఏ జట్టు వాడి మాటో తెలియదు, ప్రత్యర్థిని తికమకపెట్టడానికి అరిచాడని రిఫరీ భావిస్తే హెచ్చరిక కార్డు కూడా రావచ్చు.

సిగ్గు సంగతికి వస్తే, బంతి విసిరే సాధనలో కేక వినిపించకపోతే ఆ క్యాచ్ లెక్కలోకి రాదని చెప్పండి. వారంలో గొంతు వస్తుంది.

పట్టుకోవాలా, పిడికిలితో కొట్టాలా?

రెండు చేతులూ అడ్డం లేకుండా బంతి దగ్గరికి చేరతాయనుకుంటే పట్టుకోవాలి. గుంపు మధ్యలో చేతులు చాపే చోటు లేకపోయినా, వానలో బంతి జారుడుగా ఉన్నా పంచ్ చేయాలి. ఎదురుగా వచ్చే బంతిని రెండు పిడికిళ్లు పక్కపక్కన చేర్చి, వచ్చిన దిక్కుకే తిరిగి పంపవచ్చు. పక్క నుంచి దాటిపోతున్న క్రాస్‌ను ఒక్క పిడికిలితో అది పోతున్న దిక్కుకే ఇంకా దూరం పంపడం తేలిక. పంచ్ చేసిన బంతి ఎత్తుగా, దూరంగా, పక్కకు పోవాలి. మూడూ కుదరకపోతే ఎత్తు ముఖ్యం, జట్టు సర్దుకోవడానికి ఒకటి రెండు సెకన్లు దొరుకుతాయి. బొటనవేలు పిడికిలి లోపల కాక బయట ఉండాలి.

పన్నెండేళ్ల లోపు పిల్లలకు నేను పంచ్ ఆలస్యంగా నేర్పుతాను. ముందే నేర్పితే పట్టుకోగల బంతులను కూడా కొట్టేస్తారు.

తల మీదుగా పోతున్న బంతికి ఏం చేయాలి?

వెనక్కి వెనక్కి నడవడం మాత్రం చేయకూడదు. మడమల మీద బరువు పడి, పిల్లలు వెల్లకిలా పడిపోతారు. ఒక పాదాన్ని వెనక్కి వేసి శరీరం పక్కకు తిప్పి, కాళ్లు ఒకదాని ముందు నుంచి ఒకటి దాటిస్తూ గోల్ వైపు పరిగెత్తాలి. కళ్లు బంతి మీదే ఉంటాయి. కుడి పాదం వెనక్కి వేసి తిరిగితే ఎడమ చేతితో, ఎడమ పాదం వేస్తే కుడి చేతితో, తెరిచిన అరచేతితో బంతిని క్రాస్‌బార్ మీదుగా పైకి నెట్టాలి. అలా ఎదురు చెయ్యి వాడితే ఇంకొన్ని సెంటీమీటర్లు ఎక్కువ అందుతుంది.

గోల్ ముందు ఎక్కడ నిలబడాలో మైదానంలో ఎలా తెలుస్తుంది?

రెండు పొడవైన తాళ్లు తీసుకోండి. ఒక్కో తాడును ఒక్కో గోల్‌పోస్ట్ అడుగున కట్టి, రెండో కొసలను బంతి దగ్గర కలపండి. బంతికీ గోల్‌కూ మధ్య త్రికోణం వస్తుంది. నేల బారుగా వచ్చే షాట్ ఏదైనా ఆ త్రికోణం లోపలి నుంచే రావాలి. కీపర్ రెండు తాళ్లకూ సమాన దూరంలో నిలబడాలి, చేతులు చాపితే రెండు పక్కలా ఒకేలా ఖాళీ మిగలాలి. బంతిని వేరే చోట పెట్టి, తాళ్లు జరిపి, మళ్లీ నిలబడమనండి. గోల్‌లో నిలబడి చూస్తే తెలియని ఖాళీలు తాళ్లు కట్టాక కళ్లకు కడతాయి.

చాలా చోట్ల “బంతికీ గోల్ మధ్యకూ గీత గీసి దాని మీద నిలబడు” అని చెబుతారు. బంతి నేరుగా ఎదురుగా ఉన్నప్పుడు అది నిజం. పక్కగా ఉన్నప్పుడు కాదు. బంతి గోల్ గీతకు 12 మీటర్ల ముందు, గోల్ మధ్యకు 10 మీటర్లు పక్కగా ఉందనుకోండి. దగ్గరి పోస్ట్ అక్కడికి సుమారు పదమూడున్నర మీటర్లు, దూరపు పోస్ట్ సుమారు పద్దెనిమిది. ఆ త్రికోణాన్ని సరిగ్గా రెండుగా చీల్చే గీత గోల్ మధ్యలో కాక, దగ్గరి పోస్ట్ వైపు అర మీటరు జరిగి గోల్ గీతను తాకుతుంది. దగ్గరి పోస్ట్ పక్క గోల్స్ పోవడానికి ఈ అర మీటరు ఒక కారణం. లెక్క పిల్లలకు అక్కర్లేదు, తాళ్ల మధ్య నిలబడితే ఆ చోటు దానంతట అదే దొరుకుతుంది.

ఆటలో తాళ్లు ఉండవు. అందుకని గోల్ ఏరియా గీతలు, పెనాల్టీ చుక్క, వెనక్కి చేయి చాపితే తగిలే పోస్ట్, వీటిని గుర్తులుగా వాడుకోవాలి. తల తిప్పి గోల్‌ను చూసుకోవడం బంతి దూరంగా ఉన్నప్పుడే చేయాలి.

ముందుకు వస్తే గోల్ చిన్నదవుతుందంటారు. అయితే ఎంత ముందుకు రావాలి?

చిన్నదవుతుంది, కానీ ఆ మాట సగమే. బంతి పెనాల్టీ బాక్సు గీత మీద, నేరుగా ఎదురుగా, 16.5 మీటర్ల దూరంలో ఉంది. పిల్లవాడు సెకనుకు 15 మీటర్ల వేగంతో కొట్టాడనుకుందాం. కీపర్ గోల్ గీత మీదే ఉంటే ఒక్కో పక్క 3.66 మీటర్లు కాపాడాలి, బంతి రావడానికి 1.1 సెకన్లు పడుతుంది. 3 మీటర్లు ముందుకు వస్తే కాపాడాల్సింది ఒక్కో పక్క 3 మీటర్లకు కాస్త తక్కువ, కానీ సమయం 0.9 సెకన్లు. 6 మీటర్లు వస్తే 2.3 మీటర్లు, సమయం 0.7 సెకన్లు. వెడల్పు ఎంత తగ్గితే సమయం కూడా అదే పాళ్లలో తగ్గుతోంది. పైగా షాట్‌ను చూసి శరీరం కదలడానికి పట్టే పావు సెకను ఎక్కడ నిలబడ్డా అంతే పడుతుంది.

అందుకే దూరపు షాట్‌కు రెండు మూడు మీటర్లు ముందుకు రావడం సరిపోతుంది. ఒక అడుగు వేసి డైవ్ చేస్తే మూల అందే అవకాశం ఉంటుంది. ఎవరైనా తల మీదుగా ఎత్తి కొడితే ఆ బంతి దిగడానికి ఒకటిన్నర సెకన్లు పడుతుంది కాబట్టి వెనక్కి చేరే వీలూ ఉంటుంది. 6 మీటర్లు వస్తే గట్టి షాట్‌కు సమయం చాలదు, ఎత్తిన బంతికి దూరం చాలదు.

ముందుకు రావడం పూర్తిగా ఫలించేది బంతి దాకా వెళ్లగలిగినప్పుడే. ఒంటరిగా దూసుకువచ్చిన ఆటగాడు గోల్‌కు 10 మీటర్ల దూరంలో ఉన్నాడు. కీపర్ అతనికి 2 మీటర్ల దగ్గరికి చేరితే కాపాడాల్సింది ఒక్కో పక్క 73 సెంటీమీటర్లు మాత్రమే. చేతులు చాపిన శరీరమే దాదాపు అంతా కప్పేస్తుంది. ఎప్పుడు పరిగెత్తాలి? అతను బంతిని కాస్త పొడుగ్గా నెట్టి, అది కాలికి దూరమైన క్షణంలో. తల దించి మళ్లీ కాలు ఎత్తుతుంటే ఎక్కడ ఉంటే అక్కడ ఆగి, చేతులు కిందికి తెరవాలి.

మా జట్టు దాడి చేస్తున్నప్పుడు గోల్ గీత మీదే ఉండాలా?

వద్దు. బంతి అవతలి సగంలో ఉంటే పెనాల్టీ బాక్సు అంచు దాకా రావచ్చు. డిఫెండర్ల వెనక్కి పొడుగ్గా కొట్టిన బంతికి ముందు చేరగలిగేది కీపరే. బాక్సు బయట చేతులు వాడకూడదని గుర్తుంటే చాలు. బంతి మన వైపు వస్తున్న కొద్దీ దానికి ఎదురుగా ఉండి మెల్లగా వెనక్కి జరగాలి.

చేతిలోకి వచ్చిన బంతి గురించి తెలియాల్సిన నియమాలు ఏమిటి?

ఈ వయసులో మూడు చాలు. సొంత జట్టు వాడు కావాలని కాలితో పంపిన బంతిని చేత్తో ముట్టకూడదు, ఇది 1992 నుంచి ఉంది. సొంత జట్టు త్రో-ఇన్ నేరుగా వచ్చినా అంతే. బంతిని చేతుల్లో ఎనిమిది సెకన్లకు మించి ఉంచుకుంటే ప్రత్యర్థికి కార్నర్ ఇస్తారు. 2025లో మారిన నియమం ఇది, అంతకుముందు ఆరు సెకన్లు, శిక్ష ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్. చివరి ఐదు సెకన్లను రిఫరీ చెయ్యి ఎత్తి వేళ్లతో లెక్కపెడతారు. స్థానిక పోటీల్లో పాత పద్ధతి నడుస్తుండవచ్చు, ఆటకు ముందే అడిగి తెలుసుకోండి.

ఇంకో మాట. బంతి కీపర్ చేతికీ నేలకూ మధ్య అదిమి ఉన్నా అది అతని ఆధీనంలో ఉన్నట్టే, ఎదుటివాళ్లు దాన్ని తన్నకూడదు. ఇది తెలిస్తే పిల్లలు కింద పడ్డ బంతి మీద ధైర్యంగా చెయ్యి వేస్తారు.

మా అబ్బాయి పొట్టి. కీపర్ అవ్వగలడా?

పదకొండేళ్లకు పొట్టిగా ఉన్నవాడు పదహారేళ్లకు ఎలా ఉంటాడో ఎవరికీ తెలియదు, కాబట్టి ఇప్పుడే తీర్పు చెప్పనక్కర్లేదు. మెక్సికోకు చెందిన హోర్హే కాంపోస్ 1.70 మీటర్లకు అటూఇటూ ఎత్తుతోనే 1994, 1998 ప్రపంచ కప్పుల్లో గోల్ కాశాడు. అయితే అతను మినహాయింపు, పెద్దల స్థాయిలో ఎత్తు పనికొస్తుంది. హైదరాబాదులో పుట్టి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన భారత జట్టులో ఉన్న పీటర్ తంగరాజ్ మంచి పొడగరి.

అసలు ఇబ్బంది గోల్ పరిమాణం. ఇంగ్లండ్‌లో తొమ్మిది, పదేళ్ల పిల్లలు 3.66 మీటర్ల వెడల్పు, 1.83 మీటర్ల ఎత్తు ఉన్న గోల్స్‌తో ఆడతారు. మన దగ్గర చాలాసార్లు అదే వయసు పిల్లలు పెద్దల గోల్ ముందు నిలబడతారు. క్రాస్‌బార్ కింద నుంచి దూరిన బంతికి ఆ పిల్లవాడిని తిట్టడం అన్యాయం, అది చేతికి అందే బంతి కాదు. సాధనలోనైనా రెండు కర్రలు పాతి గోల్‌ను చిన్నది చేయండి. బంతి కూడా పన్నెండేళ్ల దాకా నాలుగో సైజుదే వాడండి. ఐదో సైజు బంతి చిన్న చేతుల్లో డబ్ల్యు ఆకారం కుదరనివ్వదు.

మా ఊరి మైదానం గట్టి నేల, రాళ్లు. ఎలా సాధన చేయాలి?

కీపర్లు పొడవాటి ట్రాక్ ప్యాంటు, టోపీ వేసుకోవడానికి నియమాలు ఒప్పుకుంటాయి, రెండూ వేయించండి. సాయంత్రం పూట పడమర వైపు చూసే గోల్‌లో టోపీ లేకుండా ఎత్తైన బంతి కనిపించదు. డైవ్‌లను ఇసుక ఉన్న చోటికో గడ్డి ఉన్న రోజుకో వాయిదా వేయండి. నిలబడటం, ఆగడం, ఎగిరి పట్టుకోవడం, తాళ్ల మధ్య చోటు వెతుక్కోవడం, ఇవన్నీ గట్టి నేల మీదే చేయవచ్చు. ఆట మొదలయ్యే ముందు గోల్ ఏరియా అంతా నడిచి రాళ్లు ఏరించండి, గుంటలు ఎక్కడున్నాయో చూసుకోమనండి. గుంట తగిలి పక్కకు తిరిగే బంతికి చేతుల వెనక శరీరం అడ్డుగా ఉండాలి, కాబట్టి నేల బారు బంతిని ఎప్పుడూ కాళ్లు దగ్గర చేసి, లేదా ఒక మోకాలు పక్కకు దించి పట్టుకోవాలి.

గ్లౌజులు ఎలాంటివి కొనాలి?

మధ్యవేలి కొసకు పైన కొంచెం ఖాళీ మిగిలే సైజు. వేళ్లు నిటారుగా ఉంచే ప్లాస్టిక్ పుల్లలున్నవి ఈ వయసుకు అక్కర్లేదు, వేళ్లు సరిగ్గా వంగవు. అరచేతి వైపు ఉండే మెత్తటి రబ్బరు పొర ఎండిపోతే పట్టు పోతుంది, ఆటకు ముందు కొద్దిగా తడపాలి. ఆట అయ్యాక మామూలు నీళ్లతో కడిగి నీడలో ఆరేయండి, ఎండలో పెడితే ఆ పొర పగిలిపోతుంది. ఖరీదైన జత మ్యాచ్‌లకు ఉంచి, పాతది సాధనకు వాడమనండి.